పసుపు మంట వేరు, నారింజ మెరుపు వేరు: గిన్నె అడుగు మసిని బట్టి బర్నరును పరీక్షించడం

“మాది అల్లూరు దగ్గర పల్లె. ఇస్కపల్లి ఉప్పు మడులు మా ఇంటికి దగ్గరే. రెండు బర్నర్ల గ్యాస్ స్టవ్ వాడుతున్నాం. నెల రోజులుగా పెద్ద బర్నరు మంట పొడవుగా, పసుపుగా వస్తోంది. దాని మీద పెట్టిన ప్రతి గిన్నె అడుగూ నల్లబడుతోంది. చిన్న బర్నరులో నారింజ రంగు మెరుపులు వస్తున్నాయి కానీ గిన్నెకు మసి అంటడం లేదు. సిలిండరులో కల్తీ గ్యాస్ వచ్చిందని మా అత్తగారు అంటున్నారు. ఇది ప్రమాదమా? మేమే బాగు చేసుకోవచ్చా?”

అమ్మా, పెద్ద బర్నరును ఈ పూట నుంచే ఆపేయండి. అది బాగయ్యేవరకు చిన్న బర్నరు మీదే వంట చేసుకోండి. వండేటప్పుడు వంటగది కిటికీ తెరిచి ఉంచండి. మిగతాదంతా నెమ్మదిగా చదువుకోవచ్చు.

కావలిలో 24 ఏళ్లుగా గ్యాస్ స్టవ్‌లు బాగు చేస్తున్నాను. కల్తీ గ్యాస్ అన్న మాట నేను వెళ్లే ఇళ్లలో సగానికి సగం వినబడుతుంది. మీ అత్తగారి అనుమానాన్ని తీర్చే సాక్ష్యం మీ ప్రశ్నలోనే ఉంది. రెండు బర్నర్లకూ గ్యాస్ వచ్చేది ఒకే సిలిండరు నుంచి, ఒకే రెగ్యులేటరు, ఒకే గొట్టం గుండా. గ్యాస్‌లోనే లోపం ఉంటే రెండు మంటలూ ఒకే విధంగా చెడిపోవాలి. ఒకటి మసి పెడుతూ రెండోది పెట్టకపోతే లోపం సిలిండరులో లేదు, ఆ బర్నరులో ఉంది. సిలిండరు అయిపోవచ్చినప్పుడు మాత్రం రెండు మంటలూ కలిసి కాస్త పసుపు తిరగవచ్చు. మన సిలిండరులో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువుల మిశ్రమం. ప్రొపేన్ తేలికగా ఆవిరవుతుంది కాబట్టి ముందు అదే ఎక్కువగా ఖర్చవుతుంది. చివరికి బ్యూటేన్ పాలు పెరుగుతుంది, దానికి గాలి ఎక్కువ కావాలి. కొత్త సిలిండరు పెట్టగానే ఆ పసుపు పోతుంది. మీది నెల రోజులుగా ఉన్నది, పైగా ఒకే బర్నరుకు పరిమితమైనది. కాబట్టి అది కాదు.

ఇక మంట రంగు సంగతి. పసుపు, నారింజ అని మనం ఒకే మాటలో కలిపేసే రంగులు నిజానికి రెండు వేరు వేరు కారణాల నుంచి వస్తాయి. ఒకటి మసి వల్ల, రెండోది ఉప్పు వల్ల. మీ స్టవ్‌లో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

మసి పసుపును అర్థం చేసుకోవడానికి కాటుక పట్టడం గుర్తు చేసుకోండి. ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లిస్తే అడుగున నల్లటి పొడి చేరుతుంది. ఆ పొడి పళ్ళెం పెట్టాక పుట్టింది కాదు, అంతకుముందే మంటలో ఉంది. దీపం పసుపుగా వెలగడానికి కారణమే ఆ కర్బన రేణువులు ఎర్రగా కాగి మెరవడం. మంట చివరకు చేరేసరికి వాటికి గాలి అందితే అవి కాలిపోతాయి, మనకు వెలుగు మాత్రమే మిగులుతుంది. మధ్యలో చల్లటి పళ్ళెం అడ్డుపెడితే కాలకుండానే దానికి అంటుకుంటాయి. మీ పెద్ద బర్నరు ఇప్పుడు చేస్తున్నది అదే. మీ కూర గిన్నె కాటుక పళ్ళెం అయింది.

గ్యాస్ స్టవ్ దీపంలా వెలగకూడదు. దీపానికి గాలి బయటి నుంచి మాత్రమే అందుతుంది. స్టవ్‌లో మంట అంటుకోకముందే గ్యాస్‌లో గాలి కలుస్తుంది. నాబ్ తిప్పినప్పుడు గ్యాస్ ఒక చిన్న ఇత్తడి జెట్ గుండా వేగంగా చిమ్ముతుంది. ఆ చిమ్ముడే తన చుట్టూ ఉన్న గాలిని లాక్కుని మిక్సింగ్ ట్యూబులోకి తీసుకెళ్తుంది. గాలి, గ్యాస్ అక్కడ కలిసి, బర్నరు మూత రంధ్రాల నుంచి బయటికి వచ్చి మండుతాయి. మిగిలిన గాలి మంట చుట్టూ ఉన్న ఖాళీ నుంచి అందుతుంది. ఎంత గాలి కావాలో తెలిస్తే ఈ ఏర్పాటు ఎంత సున్నితమైనదో తెలుస్తుంది. ఒక పాలు ప్రొపేన్ పూర్తిగా కాలడానికి సుమారు 24 పాళ్ల గాలి కావాలి, బ్యూటేన్‌కు సుమారు 31 పాళ్లు. ముందే కలవాల్సిన గాలికి దారి మూసుకుపోతే గ్యాస్ సగం ఆకలితో మూత దాటుతుంది. మంట లోపలి నీలి శంకువులు మసకబారుతాయి, మంట బద్ధకంగా పైకి సాగుతుంది, చివర్లు పసుపుగా ఊగుతాయి. ఇది మీ పెద్ద బర్నరు.

చిన్న బర్నరుది పూర్తిగా వేరే కథ. ఉప్పులో ఉండే సోడియం మంటలో పడితే పసుపు కలిసిన నారింజ రంగులో మెరుస్తుంది. చాలా కొద్ది ఉప్పు చాలు, అంతా నారింజగా కనిపిస్తుంది. అన్నం పొంగి ఉప్పు నీళ్లు మంట మీద పడ్డప్పుడు భగ్గున వచ్చే రంగు అదే. మీరు ఉండేది ఉప్పు మడుల పక్కన. సముద్రం వైపు నుంచి గాలి వీచినప్పుడు కంటికి కనిపించని ఉప్పు రేణువులు వంటగదిలోకీ వస్తాయి, మంట పీల్చుకునే గాలిలోనూ ఉంటాయి. అలాంటప్పుడు నీలి మంట అలాగే నిలబడి, దానిలో నారింజ చుక్కలు వచ్చి పోతుంటాయి. ఊడ్చినప్పుడు లేచిన దుమ్ము, పిండి జల్లించినప్పుడు లేచిన పొడి కూడా ఇలాగే చేస్తాయి. ఇవేవీ గిన్నెకు మసి పెట్టవు, బర్నరు చెడిపోయిందనీ చెప్పవు.

మన ఇళ్లలో దీనికి ఇంకో కారణం ఉంది, చాలామంది గమనించరు. ఇత్తడి బర్నరు మూతను చింతపండు, ఉప్పు వేసి తోముతారు. మెరుపు బాగా వస్తుంది, కాదనను. కానీ సరిగ్గా కడగకపోతే రంధ్రాల లోపల ఉప్పు మిగిలి ఎండిపోతుంది. తోమిన మరుసటి పూట నుంచి మంట నారింజగా వస్తుంటే మొదట దీన్నే అనుమానించండి. ధారగా పడే మంచినీళ్లలో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి పెడితే సరిపోతుంది. తడి ఆరకుండా పెట్టినా కాసేపు మంట చిటపటలాడుతూ రంగు మారుతుంది.

రంగును చూసి ఏది ఏదో తేల్చుకోవడం కష్టమే, ముఖ్యంగా పగటి వెలుతురులో. అందుకే నేను ప్రతి ఇంట్లో ముందు చెంచా పరీక్ష చేస్తాను. తళతళలాడే స్టీలు చెంచాను పట్కారుతో పట్టుకుని, దాని వీపును మంట చివర పది సెకన్లు ఉంచండి. తీసి చల్లార్చి, తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డకు నల్ల పొడి అంటితే అది మసి పసుపు, బర్నరుకు గాలి చాలడం లేదు. ఏమీ అంటకపోతే అది ఉప్పు లేదా దుమ్ము రంగు. రాత్రి దీపాలు ఆర్పి ఒకసారి మంటను పక్కనుంచి కూడా చూడండి. ప్రతి రంధ్రం మీదా పదునైన నీలి శంకువు నిలబడి ఉంటే లోపల గాలి సరిగ్గా కలుస్తోందని అర్థం.

గిన్నె అడుగున కనిపించే ప్రతి నలుపూ మసి కాదని కూడా చెప్పాలి. వేలితో రాస్తే అంటుకునేది మసి. వేలికి అంటకుండా గోధుమ రంగులో గట్టిగా పట్టుకున్నది కారిపోయిన నూనో, పులుసో మాడి ఏర్పడిన పొర. స్టీలు గిన్నె అడుగున నెమలి ఈకలా నీలం, ఊదా రంగులు తేలితే అది వేడికి లోహం రంగు మారడమే. మసి ఎక్కడ పట్టిందో కూడా చూడండి. అడుగంతా గుండ్రంగా పట్టితే మంట మొత్తానికి గాలి చాలడం లేదు. ఒక వైపే పట్టితే ఆ వైపు మూత సరిగ్గా కూర్చోలేదు, లేదా గిన్నె నిలబెట్టే కడ్డీలు వంగి గిన్నె మంట మీదికి దిగిపోయింది.

మీ పెద్ద బర్నరు విషయంలో ఏమి జరిగి ఉంటుందో ఊహించడానికి ఒక ఇంటి సంగతి చెబుతాను. మూడేళ్ల కిందట, కార్తీక మాసంలో వాయుగుండం పట్టి నాలుగైదు రోజులు ఆగకుండా వాన కురిసింది. కావలిలోనే ఒక ఇంటి నుంచి గిన్నెలు నల్లబడుతున్నాయని కబురు వచ్చింది. వెళ్లేసరికి వంటగది కిటికీ జల్లు పడకుండా పట్టా కట్టి మూసేశారు. చేపల పులుసు దబర అడుగున మసి గోకితే వచ్చేంత మందంగా ఉంది. మాటల్లో ఆ ఇంటి ఇల్లాలు, సాయంత్రం వంట అయ్యేసరికి తనకూ, వంటగదిలోనే కూర్చునే అత్తగారికీ తల బరువుగా నొప్పి వస్తోందని, వాకిట్లోకి వచ్చి కూర్చుంటే తగ్గుతోందని చెప్పింది. వాన చలికి వచ్చిన జలుబు అనుకున్నారట. ఆ మాట వినగానే నేను స్టవ్ ముట్టుకోకముందే పట్టా విప్పించాను.

తర్వాత పెద్ద బర్నరు తెరిచాను. మూత రంధ్రాలు శుభ్రంగా ఉన్నాయి. మిక్సింగ్ ట్యూబు మూతి దగ్గర, జెట్‌కు ఎదురుగా, తెల్లటి దూదిలాంటి సాలీడు గూడు ఉంది. ఆ ఇంటివారు దసరాకు ఊరు వెళ్లి పది రోజులు స్టవ్ వాడలేదు. వాడని గొట్టం సాలీడుకు మంచి చోటు. గూడు తీసి వెలిగించాను. మంట చాలావరకు నీలంగా మారింది, ఇల్లాలు సంతోషించింది. కానీ చెంచా పరీక్ష చేస్తే గుడ్డకు ఇంకా సన్నగా నలుపు అంటింది, అదీ నాబ్ పూర్తిగా తెరిచినప్పుడే. అంటే గూడు ఒక్కటే కారణం కాదు. జెట్ విప్పి చూస్తే రంధ్రం అంచు గీసుకుపోయి ఉంది. అంతకుముందు వచ్చిన ఒక మెకానిక్ మంట తక్కువగా ఉందంటే సూదితో పొడిచాడట. సూది జెట్‌ను శుభ్రం చేయదు, దాని రంధ్రాన్ని పెద్దది చేస్తుంది.

ఈ సూది సంగతి మీద నాకు చాలా బాధ ఉంది, కాబట్టి లెక్కతో చెబుతాను. జెట్ రంధ్రం ఒక మిల్లీమీటరు కన్నా సన్నం. ఉదాహరణకు 0.70 మిల్లీమీటర్ల రంధ్రం సూది వల్ల 0.80 అయిందనుకోండి. చూడడానికి తేడా ఏమీ లేదు. కానీ రంధ్రం వైశాల్యం అడ్డుకొలత వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, గ్యాస్ సుమారు 30 శాతం ఎక్కువ వస్తుంది. మిక్సింగ్ ట్యూబు మాత్రం పాతదే, అది లాగే గాలి అదే పాళ్లలో పెరగదు. మంట పెద్దదైంది, మెకానిక్ బాగు చేశాడు అనిపిస్తుంది. నిజానికి ఆ రోజు నుంచి ఆ బర్నరు మసి పెడుతూ, గ్యాస్ వృథా చేస్తూ ఉంటుంది. ఆ ఇంట్లో కొత్త జెట్ వేశాక చెంచా శుభ్రంగా వచ్చింది. తలనొప్పులు కూడా మళ్లీ రాలేదని తర్వాత ఫోను చేసి చెప్పారు.

మీ ఇంట్లో మీరు చేసుకోదగినది గూడు, మురికి తీయడం వరకు. ముందు రెగ్యులేటరు ఆపండి, స్టవ్ పూర్తిగా చల్లారనివ్వండి. గిన్నెల కడ్డీలు, బర్నరు మూత తీయండి. పెద్ద మూత, చిన్న మూత కలిసిపోకుండా పక్కన పెట్టండి. మూతను గోరువెచ్చని సబ్బు నీళ్లలో అరగంట నానబెట్టి, రంధ్రాలలో మాడిన గంజిని, పాల మీగడను చీపురు పుల్లతో నెట్టండి. మూత రంధ్రాలు పెద్దవి కాబట్టి పుల్లతో ప్రమాదం లేదు. మిక్సింగ్ ట్యూబు తేలికగా ఊడి వచ్చే స్టవ్ అయితే దాన్ని వెలుతురుకు పట్టి లోపల చూడండి, సీసాలు కడిగే సన్నటి బ్రష్షుతో తుడవండి. చీపురు పుల్ల ట్యూబులోకి మాత్రం దూర్చవద్దు, లోపల విరిగితే అదే కొత్త అడ్డంకి. ట్యూబు మరలతో బిగించి ఉంటే, విప్పడం అలవాటు లేకపోతే, అక్కడితో ఆగండి. కొన్ని స్టవ్‌లకు ట్యూబు మూతి దగ్గర గాలిని తగ్గించి పెంచే చిన్న రేకు కూడా ఉంటుంది. స్టవ్ జరిపినప్పుడు అది తిరిగి గాలి దారి మూసుకుపోయిందేమో చూడండి.

మూత తిరిగి పెట్టేటప్పుడు అది గాడిలో కూర్చుని కదలకుండా ఉండాలి. వంకరగా కూర్చున్న మూతే కారణమైన ఇళ్లు నేను లెక్కలేనన్ని చూశాను. తర్వాత వెలిగించి, మళ్లీ చెంచా పరీక్ష చేయండి, నాబ్ సన్నగా పెట్టి ఒకసారి, పూర్తిగా తెరిచి ఒకసారి. రెండుసార్లూ శుభ్రంగా వస్తే మీ పని అయింది. పూర్తిగా తెరిచినప్పుడు మాత్రమే నలుపు అంటితే జెట్‌ను అనుమానించాలి, అది మెకానిక్ పని. బర్నరు లోపల మంట అంటుకుని బుస్సుమని శబ్దం వస్తుంటే, లేదా మంట రంధ్రాలను వదిలి పైకి ఎగిరి మండుతుంటే, అప్పుడు కూడా ఆపేసి మెకానిక్‌నే పిలవండి. ట్యూబు, జెట్ విప్పి బిగించిన ప్రతిసారీ అతుకుల దగ్గర సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయా చూడాలి. అగ్గిపుల్లతో ఎప్పుడూ చూడకూడదు.

ఇక మీరు అడిగిన ప్రమాదం సంగతి. గిన్నెకు అంటిన మసి మనిషిని చంపదు, తోముకుంటే పోతుంది. కానీ గాలి చాలని మంట కర్బనాన్ని మసిగా వదిలేటప్పుడు దానితోపాటే సగం కాలిన మరో వాయువును కూడా వదులుతుంది. అది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాస్ లీకైతే మనకు తెలిసేలా కంపెనీలు ఎథైల్ మెర్కాప్టాన్ అనే దుర్వాసన పదార్థం కలుపుతాయి, కానీ అది మంటలో కాలిపోతుంది కాబట్టి ఇక్కడ ముక్కు మనకు సాయం చేయదు. మసి ఒక్కటే కంటికి కనిపించే ఆనవాలు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేలా ఉండడం, జ్వరం లేకపోవడం, బయటికి వస్తే తగ్గడం, ఇవి కలిసి కనిపిస్తే స్టవ్ ఆపి అందరూ బయటికి వెళ్లాలి, తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. వైద్యుడికి వంటగది సంగతి మీరే చెప్పండి. కరోనా రోజుల్లో కొన్న వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరును నమ్మవద్దు. రక్తంలో ఆక్సిజన్ చోటును మోనాక్సైడ్ ఆక్రమించినా ఆ మీటరు తేడా కనిపెట్టలేక మామూలు అంకెనే చూపించవచ్చు.

మీ చిన్న బర్నరు మంట నీలంగా ఉందని కిటికీ మూసేసి వండడం మాత్రం చేయవద్దు. నీలి మంట అంటే గాలి, గ్యాస్ సరిగ్గా కలుస్తున్నాయని మాత్రమే. దాని మీద మంటను పూర్తిగా కప్పేసే వెడల్పాటి గుండిగ పెడితే చుట్టుపక్కల గాలి అందక నీలి మంట కూడా మోనాక్సైడ్ వదులుతుంది. గదిలో గాలి మారకపోతే ఎంత మంచి మంట అయినా కాసేపటికి చెడిపోతుంది. మూసిన స్నానాల గదిలో గ్యాస్ గీజరు పెట్టుకున్నవారు ప్రాణాలు పోగొట్టుకునేది ఈ కారణం వల్లే. నీలి మంట లీకుల గురించి కూడా ఏమీ చెప్పదు. గొట్టం చిల్లు పడ్డా మంట నీలంగానే ఉండవచ్చు. గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటరు ఆపి, తలుపులు తెరిచి, కరెంటు స్విచ్చులు వేయడం గానీ ఆపడం గానీ చేయకుండా బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయండి.

నెల కిందట మీరు ఎక్కడికైనా ఊరు వెళ్లి వచ్చారా, లేక ఎవరైనా మంట పెంచుతామని జెట్‌ను ముట్టుకున్నారా అన్నది గుర్తు చేసుకోండి. మొదటిది అయితే గూడు, రెండోది అయితే జెట్. మెకానిక్‌ను పిలవాల్సి వస్తే మీ గ్యాస్ ఏజెన్సీ ద్వారానే పిలవండి, సూదితో పొడవవద్దని ముందే చెప్పండి, మీ స్టవ్ మోడల్‌కు సరిపోయే కొత్త జెట్ తెమ్మనండి. పైపు గ్యాస్ స్టవ్‌ల జెట్ రంధ్రం సిలిండరు స్టవ్‌లకన్నా పెద్దది, పొరపాటున అది వేస్తే మసి ఇంకా పెరుగుతుంది. పని అయ్యాక అతని ముందే నాబ్ పూర్తిగా తెరిచి చెంచా పట్టండి. గుడ్డ తెల్లగా ఉంటేనే డబ్బు ఇవ్వండి.